అప్ప సంతకం

కువైట్లో ఉన్న అక్క గ్లోరీ సంతకం రావాలి. అదొక్కటీ వచ్చేస్తే అమ్మ సమాధి ఈస్టర్‌లోపు లేచి నిలబడుతుంది. రాకపోతే, పండగనాటి తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని, సున్నం వేసిన సమాధుల మధ్య నిలబడి పాటలు పాడుతుంటే, విక్టర్ మాత్రం కుంగిపోయిన మట్టిదిబ్బ ముందు తలొంచుకుని నిలబడాలి.

సాలూరులో లారీ బుకింగ్ ఆఫీసులో గుమస్తా విక్టర్. ఏ లారీ ఏ ఘాట్ దగ్గర ఆగిపోయిందో, ఏ డ్రైవరు ఫోను ఎందుకు ఎత్తడంలేదో కూర్చున్నచోటి నుంచి చెప్పగలిగిన మనిషి. అలాంటివాడు ఆ నెలంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కుర్చీలో కూర్చుంటే లేచేవాడు, లేచి గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వచ్చేవాడు. కొరియర్ బండి చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో ఉన్న పని అలా వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తేవాడు. "కువైటు నించి నీకు బంగారం బిస్కత్తులేటి వస్తన్నాయా బాబూ?" అని డ్రైవర్లు వేళాకోళం చేసేవాళ్ళు. నవ్వొచ్చేది కాదు అతనికి.

అమ్మ పేరు జ్ఞానసుందరి. బొబ్బిలిలో ఉండేది. మిషనాసుపత్రిలో నర్సు పని చేసి రిటైరైంది. ఒకరి చేతి కింద ఉండని మనిషి. ఇంటి లోను తనే తీర్చుకుంది. తీరాక కాగితాలు పట్టుకుపొమ్మని బ్యాంకువాళ్ళు చెప్పినా, "నా బీరువాకి చెదలట్టింది, మీ దగ్గరే ఉండనీండి" అని వాయిదాలు వేస్తూ వచ్చింది. పింఛను మిగిలితే అదే బ్యాంకులో డిపాజిట్ వేసేది. ఎందుకమ్మా అంటే ఒకటే మాట.

"నా గోరీకి మీరెవరూ జేబులో సెయ్యి ఎట్టొద్దు. నాన్న గోరీ పక్కన, నా డబ్బుల్తోనే కట్టాల. ఒకరికి రుణం ఉండి మట్టిలోకి ఎల్లను."

నవ్వుతూనే అనేది గానీ ఆ మాట ఆజ్ఞే. అలాంటి తల్లి అక్టోబరు తుఫానులో, ఇంకా చీకటి విడకముందే, పక్షవాతం కొట్టి పోయింది.

క్రిస్మస్ ముందు విక్టర్ డెత్ సర్టిఫికెట్ పట్టుకుని స్టేషను రోడ్డులోని ఆ బ్యాంకుకి వెళ్ళాడు. శైలజ అనే ఆఫీసరు ఖాతా తీసి చూసి, పెదవి విరిచింది. వైజాగు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి ఆమె. మాట మెత్తన, రూలు గట్టి.

"నామినీ మీ నాన్నగారండి. ఆయన అమ్మగారికంటే ముందే పోయారు కదా. నామినీ లేనట్టే లెక్క. వారసులందరూ కలిసి అడగాలి."

"వారసులంటే నేనూ, మా అప్పేనండి."

"ఆవిడ రాగలరా?"

"కువైట్లో ఉన్నాదండి. నర్సు."

అయితే అని ఆమె వివరంగా చెప్పింది. నాన్న చనిపోయిన సర్టిఫికెట్టూ కావాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తేవాలి. ఆ పైన కూతురి దగ్గర్నుంచి ఉత్తరం: మా అమ్మ డిపాజిట్లూ, ఇంటి ఒరిజినల్ కాగితాలూ నా తమ్ముడికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, నా తరఫున అతనే తీసుకోవచ్చు అని. వాట్సాప్‌లో ఫోటో పంపితే కుదరదు. ఆవిడ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా వెళ్ళి, అక్కడి మన ఎంబసీ వాళ్ళ ఎదుట సంతకం పెట్టి, ముద్ర వేయించుకుని, అసలు కాగితం పంపాలి. నమూనా కూడా అచ్చుతీసి చేతిలో పెట్టింది.

మిగతావన్నీ విక్టర్ చెప్పులరిగేలా తిరిగి సంపాదించాడు. సచివాలయం మెట్లు అతన్ని గుర్తుపట్టేసినా ఆశ్చర్యంలేదు. ఇక మిగిలింది అప్ప. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకంటే గ్లోరీ అతనితో మాట్లాడడం మానేసింది.

అమ్మ పోయిన పొద్దున ఫోను చేస్తే, అవతల ఆమె ఏడుస్తూ ఒకటే మాట అడిగింది: "ఒరే, నానొచ్చేదాకా ఉంచండ్రా. ఇప్పుడే టికెట్టు తీస్తాను. రేపు రాత్రికి బొబ్బిల్లో ఉంటాను. నా సేత్తో మన్నెయ్యాల." విక్టర్ "ఉంచుతాం అప్పా, నువ్వొచ్చీ" అని మాటిచ్చాడు. ఇచ్చిన మాట ఆ సాయంత్రానికే తప్పాడు. గ్లోరీ కువైటు ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ చేతపట్టుకుని కూర్చున్నప్పుడు మళ్ళీ ఫోను చేసి, "అయిపోనాది అప్పా. పాస్టరుగారు తొందరెట్టినారు, తుఫాను కదా" అని చెప్పాడు. ఆమె "అయితే నానింకెవుల్ని సూడ్డానికి రావాల?" అని ఫోను పెట్టేసి, అక్కణ్ణించే వెనక్కి వెళ్ళిపోయింది.

తల్లి గోతిలో పిడికెడు మన్ను వేయకపోతే ఆ బిడ్డకి ఆ చావు తీరదు మన వైపు. పెట్టె దించాక ముందు పాస్టరు, తర్వాత కడుపున పుట్టినవాళ్ళు వరసగా వేస్తారు. గ్లోరీ వంతు అలాగే ఉండిపోయింది. ఆరేళ్ళు పెద్దది, విక్టర్‌ని చంకనేసుకుని పెంచింది, ఒరే తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగదు. అలాంటిది ఇప్పుడు ఏం కావాలన్నా తమ్ముడి భార్య కృపారాణికే మెసేజ్ పెడుతుంది.

ఉత్తరం సంగతి కూడా కృపారాణే అడిగింది. గ్లోరీ కాదనలేదు, అవుననలేదు. డ్యూటీ అంది, సెలవు దొరకలేదంది, ఎంబసీ పని చూసే సెంటర్లో నంబరు దొరకలేదంది. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. ఈస్టరు ముందు ఉపవాసాల లెంటు రోజులు వచ్చేశాయి. సంఘపెద్ద కృపానిధి గారు ఆరాధన అయ్యాక విక్టర్ భుజం మీద చెయ్యి వేసి, "సమాదుల తోట ఇరుకైపోనాది బాబూ. గుర్తునేని దిబ్బని మర్సిపోయి తవ్వీసినోలు ఉన్నారు. ఈ వానలకి ముందే కట్టీ" అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు.

"అప్పు సేసి కట్టీకూడదేటి?" అని కృపారాణి ఒకసారి అంది.

"అమ్మ మాట ఏటి సెప్పు? ఒకరికి రుణం ఉండి మట్టిలోకి ఎల్లనన్నాది. ఎల్లినాక రుణం ఎట్టమంటావా నువ్వు?"

ఇక బామ్మర్ది సంజయ్ సలహా వేరు. భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుంటూ, చాలా తేలిగ్గా అన్నాడు: "ఎందుకు బావా ఈ యాతన? వారసుడివి నువ్వొక్కడివే అని రాయించీ. సచివాలయంలో నాకు తెలిసినోడు ఉన్నాడు. మీ అప్ప కువైటు నించి వొచ్చి సూస్తాదేటి?"

విక్టర్ కంచం తోసేసి లేచాడు. "ఒరే, అమ్మకి కూతురే నేదని సంతకం ఎట్టమంటావేట్రా నన్ను?" అని అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు తొంగిచూశారు. సంజయ్ ఆ తర్వాత చాలారోజులు ఆ గుమ్మం తొక్కలేదు. కడుపు నిండా తిట్టాక విక్టర్‌కి కాస్త నిదానం వచ్చింది, ఆ రాత్రికి మాత్రమే.

చివరికి ఉత్తరం వచ్చింది. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం ఇంకా రెండు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం కొరియర్ కుర్రాడు బండి దిగకుండానే కవరు అందించాడు. విక్టర్ చింపి చూశాడు. రెండు కాగితాలు. ప్రతి పేజీ కిందా ఎంబసీ గుండ్రటి ముద్ర, పక్కన అప్ప సంతకం. స్కూల్లో నేర్చుకున్నట్టే, గ్లోరీ చివర 'వై' తోక పొడుగ్గా లాగి ఉంది. ఆ తోక చూడగానే అతనికి కళ్ళు చెమర్చాయి. ఇంగ్లీషులో ఉన్న మిగతా రాత చదవాలని తోచనే లేదు. బ్యాంకువాళ్ళు ఇచ్చిన నమూనాయే కదా, ఇంకేముంటుంది అనుకున్నాడు.

రోజూ లారీ సరుకుల వే బిల్లుల్లో ఒక అంకె తప్పితే పట్టుకునే మనిషి, తన కాగితం దగ్గరికి వచ్చేసరికి ముద్రలు చూసి మురిసిపోయాడు. ఎవరి తప్పు వాళ్ళకి కనపడదంటే ఇదే మరి.

దారిలోనే మేస్త్రీ పోతురాజుకి ఫోను చేశాడు. "కాగితం వొచ్చీసినాది. సమాదుల తోటకెల్లి కొలతలు తీసుకో. నాన్న గోరీకి ఎంత ఎత్తో అంతే." బండి మీద సాలూరు నుంచి బొబ్బిలి దాకా ఎక్కడా ఆగలేదు. లారీల వెనకాల దుమ్ము తింటూ, ఎండలో చెమటలు కక్కుతూ, బ్యాంకు మూసే వేళకి ముందే వచ్చిపడ్డాడు.

బంగారం లోన్ల కోసం జనం బెంచీల నిండా ఉన్నారు. శైలజ కవరు తీసుకుని, సర్టిఫికెట్లన్నీ ఒక్కొక్కటే పక్కన పెట్టుకుని, ఉత్తరం చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ తిప్పింది. రెండో పేజీ సగంలో ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది. విక్టర్ బల్ల మీదికి వంగి చూశాడు.

"ఇది మీరు చదివారాండి?"

"ఏటండీ? ముద్ర లేదా?"

"ముద్ర ఉంది. సంతకమూ బాగుంది. కానీ మధ్యలో ఒక మాట కలిపారు." ఆమె గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. "నేను ఇండియా వచ్చి మా అమ్మ సమాధి మీద నా చేత్తో మట్టి వేసేదాకా సమాధి కట్టకూడదు, ఆ షరతు మీదే నా తమ్ముడు డబ్బూ, కాగితాలూ తీసుకోవడానికి ఒప్పుకుంటున్నాను, అని రాశారు."

విక్టర్ కాగితం తనవైపు తిప్పుకుని ముద్ర మీద వేలు పెట్టాడు.

"మరి ఎంబసీ వాల్లు ముద్రేసినారు కదండి?"

"ఆ ముద్ర, ఈ సంతకం ఆవిడదే అని చెప్పడానికి మాత్రమేనండి. లోపల ఏం రాసుకున్నారన్నది వాళ్ళకి పట్టదు. మాకు పట్టాలి. ఆవిడ ఒప్పుకోలు షరతు మీద ఉంటే, ఆ షరతు తీరిందో లేదో బ్యాంకు ఎలా చూస్తుంది? సమాధి దగ్గర మేం కాపలా కాయలేం కదా. రేపు ఆవిడ నా షరతు తప్పారంటే మేం జవాబు చెప్పుకోవాలి." ఆమె కాగితం మడిచి అతని వైపు జరిపింది. "ఏ షరతూ లేకుండా ఇంకో ఉత్తరం రావాలండి. మిగతా పేపర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను ఒప్పుకున్నా పై ఆఫీసు ఒప్పుకోదు."

"పండక్కి కట్టాలండి."

"తెలుసండి. నా చేతిలో లేదు."

ఆమె మీద కోపగించుకోడానికి ఏమీ లేదు. అదే ఇంకా కోపం తెప్పించింది. విక్టర్ కవరు గుప్పిట్లో నలిపేసుకుని బయటికి వచ్చాడు. ఏటీఎం పక్కన మెట్ల మీద నీడ ఉంటే అక్కడ నిలబడి, ఐదు నెలలుగా చెయ్యని పని చేశాడు. నేరుగా అప్పకి ఫోను చేశాడు.

ఎత్తదనుకున్నాడు. ఎత్తింది.

"ఏట్రా?"

అంతే. ఆ ఒక్క మాటలో ఎడం ఎంతుందో అతనికి తెలిసింది.

"ఏటి రాసావు అప్పా ఆ కాయితంలో? బ్యాంకోలు సెల్లదన్నారు. నలుగురి ముందు సదివించుకున్నాను. నీకు నా మీద కోపముంటే నన్ను తిట్టు, బ్యాంకోలకి రాస్తావేటి?"

"నీకు సెప్తే ఇంటావా? అప్పుడు సెప్తే ఇన్నావా? ఒక్క రోజు ఉంచమన్నాను. ఒక్క రోజురా. పాస్టరుగారు తొందరెట్టినారంట! నీకు నోరు నేదా? నా అప్ప ఇమానం ఎక్కుతన్నాది అని ఒక్క మాట అననేవా? రాయి మీద సంతకం ఎట్టమంటే ఎడతాను గానీ, నా మన్ను పడకండా అమ్మ మీద సిమెంటు ఎయ్యనివ్వను. రాసింది రాసాను. అంతే."

"నీకు సెలవెప్పుడిస్తారు?"

"అక్టోబర్లో."

"అప్పటికి వానలు పడిపోతాయి. దిబ్బ ఉంటాదో ఉండదో."

"ఉంచు. కాపలా కాయి. నాకు మాటిచ్చినోడివి కదా."

విక్టర్ మెట్టు మీద కూలబడ్డాడు. జనం దాటుకుంటూ పోతున్నారు. ఒక ముసలామె అతని మోకాలు తగిలి, "అలాగ దారికడ్డంగా కూకున్నావేటి నాయనా" అంది. అతను కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. ఐదు నెలలుగా అతను దాచిన మాట ఒకటి ఉంది. కృపారాణికి తెలుసు, కృపానిధి గారికి తెలుసు, ఆ రోజు ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకి తెలుసు. గ్లోరీకి మాత్రం తెలియకూడదని అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడు. చెడ్డవాణ్ణి నేనైతే పర్లేదు, అమ్మ మాత్రం అప్ప తలపుల్లో ఎలా ఉందో అలాగే ఉండాలి అనుకున్నాడు.

"పాస్టరుగారు తొందరెట్టనేదు అప్పా," అన్నాడు. "నానే ఎట్టాను."

ఆమె ఏదైనా అనేలోపే మిగతాది కూడా చెప్పేశాడు.

"కరెంటు పోనాది. నీకు ఫోను సేసిన కాసేపటికే. స్తంబాలు పడిపోయినాయి. ఐసు పెట్టె తెచ్చాం, ఆడితే కదా. జనరేటరు తెచ్చాం, దాన్లోకి వాననీరు ఎల్లిపోయినాది. ఇంకోటి తెద్దామంటే దారంతా సెట్లు పడిపోయి బండి కదల్లేదు. మద్దేన్నానికి..." కవరు మరో చేతికి మార్చుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "మద్దేన్నానికి అమ్మ మారిపోవడం మొదలెట్టినాది అప్పా. పొట్ట... వాసన... నీకు తెలుసు. నర్సువి. నానేటి సెప్తాను."

"సెప్పు," అంది గ్లోరీ.

"ఆడోల్లు నీల్లు పొయ్యడానికి గదిలోకి ఎల్లి, ముక్కులు మూసుకుని బయటికొచ్చీసినారు. కృపకి వాంతులు. ఎవుల్నీ అనలేం. నువ్వుంటే నువ్వు సేసుందువు. నువ్వు నేవు. తలుపేసీసి నానే కడిగాను."

మన వైపు తల్లికి స్నానం పోసేది కూతురు, లేకపోతే కోడలు. మగపిల్లాడు గుమ్మం బయటే ఉండాలి. అది కాస్తా ఆ రోజు గాలికి పోయింది. లారీ ఆఫీసులో కలం తప్ప పట్టని చేతులు అవి.

ఆసుపత్రి కారిడార్లో ఎవరో అరబ్బీలో ఎవరినో పిలవడం ఫోనులో వినపడింది. గ్లోరీ, డ్యూటీలో ఉన్న నర్సు అడిగినట్టుగా ఒక్కొక్కటే అడిగింది.

"నీల్లు కాసావా?"

"కాసాను. కర్రలు తడిసిపోతే కిరసనాయిలు పోసి మండించాను."

"దాంట్లోకేటి ఏసావు?"

"అమ్మ పెట్టెలో డెట్టాలు ఉన్నాది. సీసా అంతా పోసీసాను."

"ముక్కుల్లో దూది?"

"ఎట్టాను. మొకమొక్కటీ బాగుండీది అప్పా. మొకానికేటీ కానేదు."

"సీర?"

"తెల్లది. నువ్వు అమ్మకి కొని పంపినావు సూడు, నేత సీర. కట్టడం రానేదు. సుట్టబెట్టీసాను. అమ్మ వొప్పుకోదు గానీ."

"తల దువ్వావా?"

"దువ్వాను. జెడ వెయ్యడం రానేదు. లారీ మీద తాడు కట్టినట్టు ముడి ఎట్టీసాను."

అవతల ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో అర్థంకాలేదు. రెండూ కావచ్చు. "ఓలమ్మ! మా అమ్మ జుత్తుకి లారీ ముడి ఎట్టీసినావేట్రా ఎదవా" అంటూ గ్లోరీ పగలబడి నవ్వింది. ఆ నవ్వు చివర ఏడుపే. బిగ్గరగా, ఐదు నెలలుగా దాచుకున్నదంతా. విక్టర్ కూడా అదే మెట్టు మీద, అంతమంది చూస్తుండగా, మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఏడ్చాడు. చూసినవాళ్ళు డిపాజిట్ మునిగిపోయిందనుకునుంటారు.

"పరాయోల్లకి రోజూ సేస్తానురా నాను ఈ పని," అంది ఆమె కాస్త తేరుకున్నాక. "పేరు కూడా తెలీనోల్లకి కడుగుతాను, గుడ్డ సుడతాను, కల్లు మూస్తాను. సేసినప్పుడల్లా అమ్మకి ఎవులు సేసినారో అని. అడగడానికి ఎవులూ నేరు. నాకెందుకు సెప్పనేదు నువ్వు?"

"అమ్మని అలాగ తలుసుకుంటావని. నీకు అమ్మ పాత మొకమే ఉండాలని."

"నీ కల్లల్లో అదే ఉండిపోనాది కదరా మరి."

విక్టర్ ముక్కు చీదుకుని, అప్పుడే చేసుకున్న నిర్ణయం చెప్పాడు: "పండక్కి కట్టను అప్పా. నువ్వు రా. నువ్వొచ్చి మన్నేసినాకే కడదాం. దిబ్బ పోకండా సుట్టూ రాల్లు పేరుస్తాను. వారం వారం ఎల్లి సూస్తాను."

"ఆగు. నా మాట ఇను. ఈ ఆదివారం నైటు డ్యూటీ మార్సుకుంటాను. మల్లీ ఎంబసీ సెంటరుకి ఎల్తాను. ఈ పాలి బ్యాంకోలిచ్చినట్టే రాస్తాను, ఒక్క మాట ఎక్కువుండదు. కాయితం అంది, డబ్బులొచ్చీసరికి పండగ దాటిపోతాది, పోనీ. అందినాక కట్టీ."

"మరి నీ మన్ను?"

"కడిగింది నువ్వు. నా పని కూడా నువ్వే సేసినావు. మన్ను మాత్రం వేరేటి?" అంది ఆమె. "ఇప్పుడే ఎల్లు. నా తరపున ఒక పిడికెడు నువ్వే ఎయ్యి. దానికి కూడా ఎంబసీ ముద్ర కావాలేటి?"

వార్డులో ఎవరో పిలుస్తున్నారని ఫోను పెట్టేసింది. విక్టర్ కళ్ళు తుడుచుకుని, కవరు చొక్కా లోపల పెట్టుకుని, శైలజ దగ్గరికి వెళ్ళి ఇంకో ఉత్తరం వస్తుందని చెప్పాడు. ఆమె సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టి, "ఇవి నా దగ్గరే ఉంచుతానండి, మళ్ళీ తిరగక్కర్లేదు" అంది.

సమాధుల తోటకి వెళ్ళేసరికి ఎండ తగ్గింది. చాలా కుటుంబాలు అప్పుడే పండగ పనులు మొదలెట్టాయి. పిచ్చిమొక్కలు పీకేవాళ్ళూ, సున్నం కలిపేవాళ్ళూ అక్కడక్కడా ఉన్నారు. పోతురాజు నాన్న సమాధి పక్కన దారం పట్టుకుని కొలతలు తీస్తున్నాడు. విక్టర్ని చూసి లేచాడు.

"ఎల్లుండి ఇటికలు దింపీమంటారా బాబూ?"

"ఇప్పుడు కాదు. పండగెల్లినాక. ఇంకో కాయితం రావాల."

పోతురాజు గొణుక్కుంటూ దారం చుట్టుకున్నాడు. పండగ ముందు పని పోతే ఎవరికైనా గొణుగుడే వస్తుంది. విక్టర్ చెప్పులు వదిలి దిబ్బ దగ్గరికి వెళ్ళాడు. పక్కన తవ్విపోసి ఉన్న చోట కూర్చుని, గడ్డలు చేత్తో నలిపి, రాళ్ళు ఏరి పారేసి, మెత్తటి మన్ను పిడికిట్లోకి తీసుకున్నాడు. తలవైపు నిలబడి, నెమ్మదిగా వేళ్ళు వదులు చేశాడు.

"అదేటి బాబూ," అన్నాడు పోతురాజు వింతగా. "ఆ రోజున మీరు మన్నెయ్యనేదా?"

"నాది ఏసీసాను," అన్నాడు విక్టర్. "ఇది మా అప్పది."